ప్రయాణ ఖర్చు ఎందుకు పెరిగింది: ఆడిటర్‌కు ఇచ్చే వివరణ నోట్

మార్చి 31తో ఆర్థిక సంవత్సరం ముగిశాక, ఆడిటర్ చేసే తొలి పనుల్లో నిరుటి లెక్కలనూ ఈ ఏటి లెక్కలనూ పక్కపక్కన పెట్టి చూడటం ఒకటి. అద్దె, జీతాలు, కరెంటు బిల్లు, ప్రయాణాలు అన్నిటినీ వరుసగా చూసుకుంటూ పోతాడు. ఏ ఖాతా అయినా తాను ఊహించిన దానికి దూరంగా కనిపిస్తే ఎందుకని అడుగుతాడు. లెక్కల పుస్తకాలు చూసే హక్కు, వివరణలు అడిగి తీసుకునే హక్కు 2013 నాటి కంపెనీల చట్టంలోని 143వ సెక్షన్ ఆడిటర్‌కు ఇచ్చింది. అయితే వివరణ వినగానే అతని పని అయిపోదు. ఇలాంటి పోలికల తనిఖీకి చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ పెట్టిన ఎస్ఏ 520 ప్రమాణం ప్రకారం, యాజమాన్యం చెప్పిన కారణానికి ఆధారం కూడా రాబట్టాలి. కాబట్టి ఫైనాన్స్ ఆఫీసర్ రాసే నోట్‌లో కారణం ఒక్కటే ఉంటే సరిపోదు. ఆ కారణం ఎన్ని రూపాయలకు జవాబు చెబుతోందో, దాన్ని ఏ కాగితంలో చూసుకోవచ్చో కూడా ఉండాలి.

హైదరాబాద్‌లో ఉంటూ ఆస్పత్రులకు పరికరాలు అమ్మి, వాటి నిర్వహణ కూడా చూసే ఒక కంపెనీ ఉందనుకుందాం. 2023-24లో దాని ప్రయాణ ఖర్చు 48 లక్షలు. 2024-25లో అది 78 లక్షలైంది. అంటే 30 లక్షలు, నూటికి 62.5 పెరిగింది. అదే ఏడాది అమ్మకాలు నూటికి 12 మాత్రమే పెరిగాయి. ఇలాంటి చోట చాలా నోట్లలో కనిపించే వాక్యం ఒకటుంది: ‘వ్యాపారం విస్తరించడం వల్ల, ఛార్జీలు పెరగడం వల్ల ప్రయాణ ఖర్చు పెరిగింది.’ అందులో అబద్ధమేమీ ఉండకపోవచ్చు, కానీ నిలబడదు. వ్యాపారం 12 శాతం పెరిగితే ప్రయాణాలు 62 శాతం ఎందుకు పెరగాలన్నది ఆడిటర్ వెంటనే వేసే ప్రశ్న. ఆ ప్రశ్న దగ్గరే ఆ నోట్ తిరిగొస్తుంది.

మొదట తేల్చాల్సింది ఆ 30 లక్షల్లో నిజంగా పెరిగింది ఎంత, లెక్క రాసే తీరు మారడం వల్ల పెరిగినట్టు కనిపిస్తున్నది ఎంత అన్నది. రెండేళ్ల లెడ్జర్లను దగ్గర పెట్టుకుంటే ఒక తేడా త్వరగానే బయటపడుతుంది. నిరుడు అద్దె కార్ల బిల్లులు వాహనాల నిర్వహణ ఖాతాలో పడ్డాయి. ఈ ఏడు అకౌంట్స్ విభాగం వాటిని ప్రయాణ ఖాతాలో రాసింది. ఆ మొత్తం 8 లక్షలు. నిరుడు ఇదే ఖర్చు మరో ఖాతాలో ఏడున్నర లక్షలుంది. కాబట్టి కంపెనీ జేబులోంచి అదనంగా పోయింది యాభై వేలే, మిగతాదంతా చోటు మారింది. దీనికి నోట్‌లో ఒక్క పేరా చాలు. అయితే ప్రచురించే ఆర్థిక నివేదికలో నిరుటి ఏడున్నర లక్షలను కూడా ప్రయాణ ఖాతాకే మార్చి చూపాలి. దీన్నే రీగ్రూపింగ్ అంటారు. అది చేయకపోతే ఆడిటర్ అడిగిన ప్రశ్ననే రేపు బ్యాంకు అధికారి, వాటాదారు కూడా అడుగుతారు.

రెండో తేడాను పట్టుకోవడం ఇంత తేలిక కాదు. 2024 ఏప్రిల్, మే వోచర్లను తిరగేస్తే, వాటిలో కొన్నిటి వెనక ఉన్న బిల్లుల మీద మార్చి తేదీలు కనిపిస్తాయి. మార్చిలో ప్రయాణం చేసిన ఇంజనీర్లు టూర్ బిల్లులు ఏప్రిల్‌లో ఇచ్చారు. ఏడాది ముగింపు రోజున వాటికి ప్రొవిజన్ పెట్టడం నిరుడు మరిచిపోయారు. ఆ బిల్లుల మొత్తం 3 లక్షలు. పెరుగుదల మీద దీని ప్రభావం మూడు లక్షలతో ఆగదు, ఆరు లక్షలవుతుంది. ఆ డబ్బు నిరుటి లెక్కలో లేనందువల్ల ఆ ఏటి ఖర్చు మూడు లక్షలు తక్కువగా కనిపించింది. ఈ ఏటి లెక్కలో చేరినందువల్ల ఈ ఏటి ఖర్చు మూడు లక్షలు ఎక్కువగా కనిపిస్తోంది. ఈ ఏడాది మార్చి బిల్లులకు ప్రొవిజన్ సరిగ్గా పెట్టారు కాబట్టి పొరపాటు ముందుకు సాగలేదు. ఇంత చిన్న మొత్తానికి నిరుటి లెక్కలను సవరించాల్సిన అవసరం రాకపోవచ్చు, ఆ నిర్ణయం ఆడిటర్ తన కొలతతో తీసుకుంటాడు. తన విభాగం పొరపాటు కదా అని ఆఫీసర్ దీన్ని దాచాలనుకోవడం తప్పు. ఏప్రిల్ వోచర్లను ఆడిటర్ ఎలాగూ చూస్తాడు. తానే కనిపెట్టిన దాన్ని కంపెనీ చెప్పలేదని తెలిస్తే, నోట్‌లోని మిగతా అంకెలన్నిటినీ అదే అనుమానంతో చదువుతాడు.

ఇప్పుడు రెండేళ్లనూ సమానంగా పోల్చవచ్చు. నిరుటి 48 లక్షలకు మూడు కలిపితే 51 లక్షలు. ఈ ఏటి 78 లక్షల నుంచి కార్ల అద్దె ఎనిమిది, పాత బిల్లులు మూడు తీసేస్తే 67 లక్షలు. అసలు పెరుగుదల 16 లక్షలు, నూటికి దాదాపు 31. వివరించాల్సిన కొండ ఇప్పటికే సగానికి తగ్గింది.

ఈ 16 లక్షలను విడదీయడానికి అడగాల్సినవి రెండు ప్రశ్నలు. ఎన్ని ప్రయాణాలు పెరిగాయి? ఒక్కో ప్రయాణం ఎంత ప్రియమైంది? టూర్ రిజిస్టర్ ప్రకారం నిరుడు 425 ప్రయాణాలు, సగటున ఒక్కోటి 12,000 రూపాయలు. ఈ ఏడు 500 ప్రయాణాలు, సగటు 13,400. పెరిగిన 75 ప్రయాణాలను పాత ధరకే లెక్క కడితే 9 లక్షలు వస్తుంది. 500 ప్రయాణాలకూ ఒక్కోదానికి పెరిగిన 1,400 చొప్పున వేస్తే 7 లక్షలు. రెండూ కలిపితే పదహారు. కొత్తగా వచ్చిన 75 ప్రయాణాల మీద పడిన అదనపు ధర ఇందులో రెండో భాగంలో చేరింది. దాన్ని మొదటి భాగంలోనూ చేర్చవచ్చు. ఏ పద్ధతి పాటించారో నోట్‌లో ఒక మాట రాస్తే ఆడిటర్ అదే లెక్కను మళ్లీ వేసి సరిచూసుకోగలడు.

ఇక్కడితో ఆగితే అంకెలు దొరికాయి కానీ కారణం దొరకలేదు. ప్రయాణాలను ఊళ్ల వారీగా పేర్చినప్పుడు అది బయటపడుతుంది. ఈ ఏడాది కంపెనీ రాయ్‌పూర్‌లోని ఆస్పత్రులతో పరికరాల నిర్వహణకు ఒప్పందం చేసుకుంది. అక్కడికి 90 ప్రయాణాలు జరిగాయి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ జిల్లాలకు వెళ్లే పాత ప్రయాణాలు 425 నుంచి 410కి తగ్గాయి. అంటే పెరిగిన 75 వెనక ఉన్నది రాయ్‌పూర్ ఒక్కటే. సగటు ధర పెరగడానికి కూడా పెద్ద కారణం అదే. జిల్లాలకు బస్సులోనో రైల్లోనో వెళ్లే ఇంజనీర్లు రాయ్‌పూర్‌కు విమానంలో వెళ్తారు. దానివల్ల ఒక్కో ప్రయాణానికి 3,100 అదనం. ఇంకో 900 రూపాయలు హోటల్ బిల్లులోని జీఎస్టీది. హోటల్ గది విషయంలో పన్ను ఆ భవనం ఉన్న రాష్ట్రానికి చెందుతుంది. కంపెనీకి తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంది కాబట్టి అక్కడి హోటళ్లకు కట్టిన పన్నును క్రెడిట్‌గా వెనక్కి తీసుకుంటోంది. ఛత్తీస్‌గఢ్‌లో రిజిస్ట్రేషన్ లేదు కాబట్టి రాయ్‌పూర్ హోటల్‌కు కట్టిన పన్ను ఖర్చులోనే మిగిలిపోతుంది. రాత్రికి 3,750 గదిలో రెండు రాత్రులుంటే 7,500, దాని మీద ఆ ఏడాది రేటు 12 శాతం చొప్పున 900. విమాన టికెట్‌కు ఈ ఇబ్బంది లేదు. టికెట్ కొనేటప్పుడు కంపెనీ జీఎస్టీ నంబరు ఇస్తే తెలంగాణలోనే క్రెడిట్ దొరుకుతుంది.

ఆ విధంగా రాయ్‌పూర్ ప్రయాణాలు ఒక్కోటి 4,000 ఎక్కువ, 90కి కలిపి 3,60,000. రోజువారీ భత్యాన్ని 2024 ఏప్రిల్ 1 నుంచి 600 నుంచి 800కి పెంచారు. ప్రయాణం సగటున మూడు రోజులు కాబట్టి 1,500 రోజులకు 200 చొప్పున 3,00,000. ఏడు లక్షల్లో ఇక మిగిలింది 40,000. ఛార్జీలు పెరగడం అన్న మాటకు ఈ మొత్తంలో దక్కే చోటు ఆ నలభై వేలు దాటదు. మొదట అనుకున్న కారణం ఇంత చిన్నదని విడదీసి చూస్తే గానీ తెలియదు.

ఆ నలభై వేలను ‘ఇతర కారణాలు’ అని వదిలేసినా ఆడిటర్ పట్టుబట్టకపోవచ్చు. కానీ మిగులును ఒకసారి వెతకడం మంచిది, ఎందుకంటే తప్పులు ఎక్కువగా దాక్కునేది అక్కడే. ట్రావెల్ ఏజెంట్ నెలవారీ స్టేట్‌మెంట్‌నూ ఉద్యోగుల టూర్ బిల్లులనూ టికెట్ మీది పీఎన్ఆర్ నంబరును బట్టి పేర్చగా, ఆరు టికెట్లు రెండు చోట్లా కనిపించాయి. ఏజెంట్‌కు కంపెనీ డబ్బు కట్టింది, అదే టికెట్‌ను ఉద్యోగి టూర్ బిల్లులోనూ చూపి డబ్బు తీసుకున్నాడు. మొత్తం 27,000. ఆఫీసులోనే టికెట్ తీసి ఇచ్చిన సంగతి బిల్లు రాసేటప్పుడు గుర్తులేక జరిగి ఉండవచ్చు, కావాలనే చేసి ఉండవచ్చు. ఏదైనా ఆ డబ్బు ఖర్చు కిందికి రాదు. పుస్తకాలు ఇంకా మూయలేదు కాబట్టి, దాన్ని ఉద్యోగుల నుంచి రావాల్సిన మొత్తంగా జర్నల్ ఎంట్రీతో మారుస్తారు. ప్రయాణ ఖర్చు 77,73,000కి తగ్గుతుంది. కారణం తెలియనిది 13,000 మాత్రమే, నోట్‌లో దాన్ని అలాగే రాయాలి. పైసాతో సహా అన్నీ సరిపోయిన నోట్ కనిపిస్తే, అనుభవమున్న ఆడిటర్‌కు చివరి అంకెను బలవంతంగా ఇరికించారేమో అనిపిస్తుంది.

ఇంత పనీ చేశాక రాసే నోట్ ఒకటిన్నర పేజీ మించదు. పైన రెండేళ్ల మొత్తాలు, తేడా ఉంటాయి. తర్వాత ఖాతా మార్పు, పాత బిల్లులు, ప్రయాణాల సంఖ్య, సగటు ధర ఒక్కోదానికి ఒక్కో పేరా. ప్రతి పేరా చివర జతపరిచిన కాగితం పేరు ఉంటుంది. కార్ల అద్దెకు రెండేళ్ల లెడ్జర్లు, పాత బిల్లులకు వోచర్ల జాబితా, రాయ్‌పూర్‌కు ఒప్పందం నకలు, భత్యానికి మేనేజింగ్ డైరెక్టర్ సంతకంతో ఉన్న ఉత్తర్వు. వీటిలో ఆడిటర్‌కు అన్నిటికంటే విలువైన ఆధారం మరొకటుంది: పని పూర్తయ్యాక ఆస్పత్రి వాళ్లు సంతకం పెట్టే సర్వీస్ రిపోర్టు. అది కంపెనీ బయటివాళ్ల చేతి నుంచి వచ్చిన కాగితం. తొంభై ప్రయాణాల్లో ఓ పదిహేను తీసుకుని, విమానం దిగిన తేదీకీ రిపోర్టు మీది తేదీకీ పొంతన చూస్తే ప్రయాణం నిజంగా పని కోసమే జరిగిందో లేదో తెలిసిపోతుంది. రిపోర్టు లేని ప్రయాణం ఒకటి దొరికినా ఆడిటర్ మిగతా డెబ్బై అయిదూ అడుగుతాడు.

ఒప్పందాన్ని చదివేటప్పుడు ప్రయాణ ఖర్చు ఎవరిదన్న షరతును కూడా ఆఫీసర్ చూసుకోవాలి. ఇంజనీర్ల రానుపోను ఖర్చు ఆస్పత్రే భరించాలని అందులో ఉంటే, ఆ మేరకు బిల్లులు వేసి ఆదాయంలో చూపారా అన్నది ఆడిటర్ తర్వాతి ప్రశ్న అవుతుంది. బిల్లు వేయకపోతే, ఖర్చు ఎందుకు పెరిగిందన్న ప్రశ్నతో మొదలైన పని రావాల్సిన డబ్బు ఎందుకు వదిలేశారన్న చోటికి చేరుతుంది.