ఉట్టి, పిల్లి, 21 సెకన్లు

1937లో వచ్చిన డిస్నీ వారి ‘స్నో వైట్’లో ఏడుగురు మరుగుజ్జులు సూప్ తాగే సన్నివేశం ఒకటి ఉండాల్సింది. వార్డ్ కింబల్ అనే కుర్ర యానిమేటర్ నెలల తరబడి కూర్చుని దాన్ని పెన్సిల్‌తో గీశాడు. నవ్వు తెప్పించే సన్నివేశమే, బొమ్మలూ బాగానే కుదిరాయి. అయినా వాల్ట్ డిస్నీ దాన్ని సినిమాలోంచి తీసేశాడు. కారణం ఒకటే, అక్కడికొచ్చేసరికి కథ ఆగిపోతోంది. కింబల్ ఉద్యోగమే మానేద్దామనుకునేంత బాధపడ్డాడు.

మామూలు సినిమాలో అయితే ఎక్కువ తీసి, ఎడిటింగ్ టేబుల్ దగ్గర కోసుకుంటారు. యానిమేషన్‌లో ఆ దారి చాలా ఖరీదు. తెర మీద ఒక్క సెకనుకు 24 ఫ్రేములు కావాలి. ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములు నిలిపినా సెకనుకు 12 బొమ్మలు గీయాలి. అందుకే ఇక్కడ ఎడిటింగ్ ముందు, యానిమేషన్ తర్వాత. ఆ ముందస్తు ఎడిటింగ్‌కు వాడే ముడి వీడియోనే యానిమాటిక్ అంటారు. స్టోరీబోర్డులోని గజిబిజి గీతల బొమ్మల్ని వరసగా పేర్చి, కింద తాత్కాలికంగా రికార్డు చేసిన మాటలూ చప్పుళ్లూ పెట్టి, ఏ బొమ్మ ఎంతసేపు నిలవాలో తేల్చుకునే పని ఇది. డిస్నీ స్టూడియోలో దీన్ని లైకా కెమెరా పేరు మీద లైకా రీల్ అనేవారు.

తాత్కాలిక ధ్వనిని స్క్రాచ్ ట్రాక్ అంటారు. మన సినిమా పాటలకు ముందు ట్రాక్ సింగర్ పాడిపెడితే, అసలు గాయకుడు తర్వాత వచ్చి పాడటం తెలిసిందే కదా, ఇదీ అలాంటిదే. ఆఫీసులో ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లు మాటలు చెప్పేస్తారు. ఒక్కోసారి ఆ గొంతే అతుక్కుపోతుంది. పిక్సార్ తీసిన ‘ఎ బగ్స్ లైఫ్’లో హైమ్లిక్ అనే గొంగళిపురుగుకు కథా విభాగంలోని జో రాన్ఫ్ట్ స్క్రాచ్ గొంతు ఇచ్చాడు. చివరికి సినిమాలోనూ అదే ఉంచేశారు.

పని ఎలా సాగుతుందో ఒక చిన్న సీన్‌తో చూద్దాం. వంటింట్లో ఉట్టి, అందులో పెరుగు కుండ. పక్క గదిలో మంచం మీద మామ్మ గురక. పిల్లి బియ్యం డ్రమ్ము ఎక్కి ఉట్టి మీదికి దూకుతుంది, ఉట్టి ఊగుతుంది, గురక ఆగుతుంది. పిల్లి ఊపిరి బిగబట్టి వేలాడుతుంది. మళ్లీ గురక మొదలవుతుంది, హమ్మయ్య అనుకునేలోపు కుండ కింద పడుతుంది. దీనికి పది బొమ్మలు గీశారనుకుందాం.

కొత్తగా చేసేవాళ్లు మొదట ఒక్కో బొమ్మకు రెండేసి సెకన్లు ఇచ్చేస్తారు. మొత్తం 20 సెకన్లు. వేసి చూస్తే కథ అర్థమవుతుంది కానీ నవ్వు రాదు. అన్నీ ఒకే కొలతలో ఉంటే దూకడానికీ, చూడటానికీ, భయపడటానికీ తేడా ఉండదు.

అప్పుడు బొమ్మల్ని పక్కనపెట్టి ముందు ధ్వని సిద్ధం చేసుకోవాలి. ఫోన్‌లో గురక రికార్డు చేస్తే, ఒకసారి పీల్చి వదలడానికి మూడు సెకన్లు పట్టింది. ఇక మూడో బొమ్మకు, అంటే మామ్మ నిద్రకు, ఎంత సమయమివ్వాలో లెక్క తేలిపోయినట్టే. సగం గురకలో కోస్తే చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. ఉట్టి ఊగే చప్పుడు కోసం పాత తలుపును కిర్రుమనిపించారు. రెండు ఊపులకు మూడు సెకన్లు. మామ్మ నిద్రమత్తులో “ఎవరదీ?” అనడానికి, ఆ మాటకు ముందు కాస్త ఎడంతో కలిపి, రెండు సెకన్లు.

ఇప్పుడు ధ్వని కింద బొమ్మలు పేర్చాలి. వంటిల్లు మొత్తం కనిపించే మొదటి బొమ్మకు మూడు సెకన్లు. ఉట్టి ఎక్కడుందో చూసేవాళ్ల కంట్లో పడకపోతే తర్వాతిదంతా వృథా. పిల్లి తల పైకెత్తడానికి ఒకటిన్నర, మామ్మ గురకకు మూడు, డ్రమ్ము ఎక్కడానికి రెండు. దూకడానికి అర సెకను, అంటే పన్నెండే ఫ్రేములు. ఊగడానికి మూడు, “ఎవరదీ?”కి రెండు. గాల్లో బిగుసుకుపోయిన పిల్లికి రెండున్నర, మళ్లీ మొదలైన గురకకు రెండున్నర, కుండ పడటానికి ఒకటి. కూడితే 21 సెకన్లు. మొత్తం నిడివి పెరిగింది ఒక్క సెకనే, కానీ సీన్ పూర్తిగా మారిపోయింది.

ఈ సీన్‌కు ప్రాణం ఎనిమిదో బొమ్మలోని నిశ్శబ్దం. దాన్ని ఒక సెకనుకు కుదిస్తే భయం పుట్టదు. నాలుగు సెకన్లు లాగితే వీడియో ఆగిపోయిందేమో అనిపిస్తుంది. రెండున్నర పెట్టి చూసినప్పుడు మరో సంగతి బయటపడింది. అంతసేపు పూర్తి నిశ్శబ్దం సహజంగా లేదు, ఎందుకంటే ఉట్టి అప్పటిదాకా ఊగుతోంది. ఒక సెకను గడిచాక సన్నగా ఒక్క “కిర్రు” వేస్తే బిగువు రెట్టింపయింది. కాగితం మీద స్టోరీబోర్డును ఎంతసేపు చూసినా ఇది తట్టదు. కాగితం మీద చూసేవాడు తనకు తోచిన వేగంతో చూస్తాడు.

అమెరికన్ కార్టూన్ దర్శకుడు చక్ జోన్స్ కొయోటీ లోయలో పడే దృశ్యాల గురించి ఇలాంటి లెక్కే చెప్పాడు. అది పడుతూ కనుమరుగయ్యాక, నేలను తాకేలోపు 14 ఫ్రేములు ఉంటే నవ్వు వచ్చేదట, 13 పెట్టినా 15 పెట్టినా పండేది కాదట. ఫ్రేము అంటే సెకనులో ఇరవై నాలుగో వంతు!

అయితే యానిమాటిక్ మోసం చేసే చోట్లూ ఉన్నాయి. పిల్లి డ్రమ్ము ఎక్కే రెండు సెకన్లూ ఒకే బొమ్మ కదలకుండా ఉంటే విసుగ్గా అనిపిస్తుంది. కంగారుపడి దాన్ని ఒక సెకనుకు కోసేస్తే, రేపు నిజంగా యానిమేట్ చేసేటప్పుడు పిల్లి ఎక్కడానికి సమయం చాలదు. అక్కడ సమయం కోయకుండా బొమ్మలు పెంచాలి. పంజా వేయడం, శరీరం లాక్కోవడం, పైన కుదురుకోవడం అని మూడు గీసి అదే రెండు సెకన్లలో సర్దితే అసలు వేగం తెలుస్తుంది. మరో చిక్కు సంగీతం. మంచి బీజీఎం పెడితే చచ్చుగా ఉన్న సీన్ కూడా నడుస్తున్నట్టే ఉంటుంది. మొదటి రెండు మూడు సార్లు సంగీతం లేకుండా చూడటమే మేలు. ఎక్కడా ఆపకుండా, కథ తెలియనివాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని మరీ చూడాలి. గీసినవాడికి ప్రతి బొమ్మా ముందే తెలుసు కాబట్టి, చూసేవాళ్లకు అందనంత వేగంగా కోసేయడం సర్వసాధారణం.

ఎక్కడ సాగుతోందో, ఎక్కడ పరుగెడుతోందో తేలాక ఒక్కోసారి కథలోనే లోపం బయటపడుతుంది. 1993 నవంబరులో పిక్సార్ వాళ్లు ‘టాయ్ స్టోరీ’ రీల్స్‌ను డిస్నీ పెద్దలకు చూపించారు. వుడీ దుర్మార్గుడిలా కనిపించాడు. పని ఆపించి, కథ తిరగరాయించారు. సినిమా 1995 నవంబరులో వచ్చింది.

యానిమాటిక్ ఖరారయ్యాక సీన్‌ను షాట్లుగా విడగొట్టి, ఒక్కోదానికి ఫ్రేముల లెక్క రాసి, ఆ ముక్క ధ్వనితో సహా యానిమేటర్ చేతికిస్తారు. ఉట్టి ఊగే షాట్ 72 ఫ్రేములు, నిశ్శబ్దం 60. తర్వాత అసలు నటి వచ్చి డబ్బింగ్ చెబుతుంది. ఆమె గురక మూడు సెకన్లకు బదులు మూడున్నర వస్తే 12 ఫ్రేములు ఎక్కువవుతాయి. నిడివి పెరగడానికి వీల్లేకపోతే వాటిని మొదటి షాట్‌లోనో చివరి గురకలోనో తగ్గిస్తారు తప్ప, ఆ 60 జోలికి పోరు.