ఒక అడుగు వెనక్కి వేసే క్రియ

తెలుగులో ‘ఆలి’తో చాలా పనులు జరిగిపోతాయి. ‘నాకో కాఫీ కావాలి’ అంటే హోటల్లో ఎవరూ నొచ్చుకోరు. జ్వరంతో మూలుగుతున్న స్నేహితుడితో ‘నువ్వు డాక్టరుకి చూపించుకోవాలి’ అంటే అది సలహానే. ఆఫీసులో పెద్దాయన ‘ఇది రేపటికి అయిపోవాలి’ అంటే అది ఆజ్ఞే. మూడు చోట్లా ‘ఆలి’ ఒకటే. మిగతాది గొంతూ సందర్భమూ చూసుకుంటాయి.

ఈ అలవాటుతో ఫ్రెంచిలోకి అడుగుపెట్టిన తెలుగువాళ్ళు ముందుగా తడబడేది ఇక్కడే. ‘కావాలి’ని తిన్నగా మార్చి దుకాణంలో ‘జ వొ’ అంటారు. వ్యాకరణం ప్రకారం తప్పేమీ లేదు. కానీ ఫ్రెంచి చెవికి అది మంకుపట్టు పట్టిన పిల్లవాడి మాటలా వినిపిస్తుంది. అక్కడి తల్లిదండ్రులు పిల్లల్ని దిద్దేది కూడా ఈ మాట దగ్గరే. అనాల్సింది ‘జ వుద్రె’. అలాగే స్నేహితుడితో ‘త్యు ద్వా’ అంటే ‘నీకు వేరే దారి లేదు, వెళ్ళి తీరాలి’ అన్నట్టు ఉంటుంది. సలహా అనిపించాలంటే ‘త్యు దవ్రె’ అనాలి. ‘నేను చేయగలను’ అనే ‘జ పొ’ కూడా మర్యాద దగ్గర ‘జ పురె’ అవుతుంది. ‘మీతో కాస్త మాట్లాడొచ్చా?’ అని అడగడానికి ‘ఎస్ క జ పురె వు పార్లే?’ అంటారు.

ఈ రూపానికి ఫ్రెంచి వ్యాకరణంలో పేరు ‘కొందిస్యొనెల్’. తయారీ విచిత్రంగా ఉంటుంది. భవిష్యత్కాలానికి వాడే ధాతువు తీసుకుని, దాని వెనక భూతకాలపు ప్రత్యయం తగిలిస్తారు. ‘పురె’లో ‘పుర్’ రేపటిది, ‘ఎ’ నిన్నటిది. దీని మూలం జనం మాట్లాడుకున్న లాటిన్‌లో ఉంది. చేయవలసిన పని పేరు పక్కన ‘ఉంది’ అనే అర్థం వచ్చే క్రియ పెడితే భవిష్యత్తు, ‘ఉండేది’ అని పెడితే ఈ కొందిస్యొనెల్ పుట్టాయి. అందుకే దాని పాత పనుల్లో ఒకటి, నిన్న నిలబడి రేపటిని చూడటం. ‘వస్తానన్నాడు’ అనే మాటలో ఆ ‘వస్తాను’కి ఫ్రెంచివాళ్ళు ఇప్పటికీ ఈ రూపమే వాడతారు.

మర్యాద కూడా అక్కడినుంచే వచ్చింది. ‘నాకు కావాలి’ అన్నప్పుడు కోరిక ఎదుటివాడి ముందు నిలబడి ఉంటుంది. ‘జ వుద్రె’ అన్నప్పుడు అదే కోరిక ఒక అడుగు వెనక్కి వేస్తుంది, ‘మీకు వీలైతేనే సుమా’ అనే షరతు పైకి అనకుండానే అందులో ఇమిడిపోతుంది. పత్రికలవాళ్ళు కూడా ఈ దూరాన్నే వాడుకుంటారు. మంత్రికి ఒంట్లో బాగాలేదన్న వార్త ఇంకా ఖాయం కాకపోతే, క్రియను ఈ రూపంలో రాసి ఊరుకుంటారు. మన ‘అట’ చేసే పని అక్కడ ఇది చేస్తుంది.

ఒక విషయంలో పొరపాటు పడకూడదు. ఇది మన ‘మీరు’, ‘అండి’ లాంటిది కాదు. నువ్వు, మీరు తేడా ఫ్రెంచిలో విడిగా ఉంది: త్యు, వు. తమ్ముడితో ‘త్యు’ అంటూనే ‘ఆ ఉప్పు అందిస్తావా’ అని కొందిస్యొనెల్‌లో అడగొచ్చు. పై అధికారిని ‘వు’ అంటూనే సూటిగా, మొరటుగా మాట్లాడనూ వచ్చు. గౌరవం సర్వనామంలో ఉంటే, ఒత్తిడి తగ్గించడం క్రియలో ఉంటుంది.

లియోన్‌లో అద్దె గదిలో ఉండే ఒక విద్యార్థిని అనుకుందాం. జనవరిలో హీటర్ ఆగిపోయింది. ఇంటి యజమానికి ఉత్తరం రాయాలి. మన మనసులో వచ్చే వాక్యం ‘మీరు హీటర్ బాగుచేయించాలి’. దాన్ని ‘వు దవే’ అని మొదలుపెడితే మొదటి ఉత్తరంలోనే పోట్లాటకు దిగినట్టు ఉంటుంది. ‘పురియే వు ఫెర్ రేపారే ల షోఫాజ్, సిల్ వు ప్లె?’ అంటే ‘హీటర్ కాస్త బాగుచేయించగలరా, దయచేసి’ అని. దానికి ముందు ‘బోఁజూర్’ అన్న పలకరింపు ఉండాలి. అది లేకపోతే ఎంత మెత్తని క్రియ రాసినా ఫలితం ఉండదు.

రెండు వారాలు గడిచినా జవాబు రాలేదనుకోండి. అప్పుడు మెత్తదనం పక్కన పెట్టాలి. అద్దెకిచ్చే ఇల్లు నివాసయోగ్యంగా ఉంచడం యజమాని బాధ్యత అని 1989 జులై 6 నాటి అద్దె చట్టం చెబుతుంది. దాన్ని పేర్కొంటూ, అందినట్టు సంతకం వచ్చే రిజిస్టర్డ్ ఉత్తరం పంపుతారు. దాని పేరు ‘మీజ్ ఆఁ దమర్’, అంటే గడువుతో కూడిన లాంఛనమైన హెచ్చరిక. అందులో క్రియలన్నీ నిటారుగా, మామూలు వర్తమానంలో ఉంటాయి. అక్కడ కూడా ‘చేయించగలరా’ అని రాస్తే, అది హెచ్చరికా విన్నపమా అన్న సందేహానికి చోటిచ్చినట్టే.

సలహా సంగతి ఇంకా సున్నితం. ‘త్యు దవ్రె’ మెత్తనిదే కానీ వేలు ఇంకా ఎదుటివాడి వైపే చూపిస్తుంది. దగ్గరివాళ్ళు కానప్పుడు ఫ్రెంచివాళ్ళు వేలు తమవైపు తిప్పుకుంటారు: ‘ఆ తా ప్లాస్’, అంటే ‘నీ చోట నేనుంటే’ అని మొదలుపెట్టి, ‘డాక్టరు దగ్గరికి వెళ్ళేవాణ్ణి’ అని ముగిస్తారు. మనమూ ఇలాగే అంటాం గనుక ఇది త్వరగా పట్టుబడుతుంది.

అయితే ఈ రూపం ఎప్పుడూ మెత్తగానే ఉంటుందనుకుంటే దెబ్బ తింటారు. ఆఫీసులో పై అధికారి చిరునవ్వుతో ‘ఇల్ ఫోద్రె ఫినీర్ సా పుర్ వాఁద్రెదీ’ అంటారు. మాటకు మాట తీస్తే ‘ఇది శుక్రవారానికి పూర్తి చేస్తే బాగుంటుందేమో’ అని. కొత్తగా చేరినవాళ్ళు దాన్ని అభిప్రాయం కింద తీసుకుని సోమవారానికి వాయిదా వేస్తారు. అది గడువు. అభిప్రాయానికీ ఆజ్ఞకీ తేడా వాక్యంలో కనబడదు. చెప్పినవాళ్ళు ఎవరు, తేదీ చెప్పారా లేదా అన్నదే గుర్తు.

‘త్యు పురె’ కూడా రెండంచుల కత్తే. ‘త్యు పురె తెలెఫొనే’ అంటే ‘ఫోన్ చేసి చూడొచ్చు కదా’ అనే సూచన. అందులో ‘ఓ మ్వాఁ’, అంటే ‘కనీసం’, చేరిందంటే ‘కనీసం ఫోనన్నా చేయొచ్చుగా!’ అనే నిష్ఠూరం. ‘కాఁ మెమ్’ చేరినా అంతే. ఇక క్రియ గతంలోకి జరిగి ‘త్యు ఓరె ద్యు’ అయితే సలహా గడువు దాటిపోయినట్టే: ‘అప్పుడే చేసి ఉండాల్సింది’. జరిగిపోయినదానికి సలహా ఉండదు కాబట్టి ఇక మిగిలేది తప్పుపట్టడమే. నా ఉద్దేశంలో, బాధలో ఉన్నవాళ్ళకి ఈ రూపం వాడకుండా ఉండటం ఎంతో మేలు.

రాసేటప్పుడు ఇంకో చిక్కుంది. ‘నేను చేయగలుగుతాను’ అనే భవిష్యత్తుకీ మర్యాద రూపానికీ ‘నేను’ దగ్గర తేడా చివర ఒక్క అక్షరం: మర్యాద రూపానికి ‘ఎస్’ ఉంటుంది, అది పలకదు. జాగ్రత్తగా పలికితే ఒకటి ‘పురే’, రెండోది ‘పురె’. కానీ ఫ్రాన్సులో ఇప్పుడు చాలామంది నోట రెండూ ఒకటే అయిపోయాయి. అందుకే అక్కడివాళ్ళూ ఉత్తరాల్లో ఆ ‘ఎస్’ని మరిచిపోతుంటారు. దీనికి బడిలో నేర్పే ఉపాయం, ‘నేను’ తీసేసి ‘అతను’ పెట్టి చూడటం. అప్పుడు భవిష్యత్తు ‘ఇల్ పురా’, మర్యాద రూపం ‘ఇల్ పురె’. ఏది అతికితే దాన్నిబట్టి ‘ఎస్’ ఉంచాలో తీసేయాలో తేలిపోతుంది.