డయానా జాతకంలో మూడు గ్రహాల పెనుగులాట

పంచాంగం చూసే అలవాటున్నవాళ్లకు గ్రహాల మధ్య కోణం కొత్త సంగతి కాదు. సూర్యుడి నుంచి చంద్రుడు 12 డిగ్రీలు దూరం జరిగిన ప్రతిసారీ ఒక తిథి పూర్తవుతుంది. శుక్లపక్షంలో అష్టమి సగానికి వచ్చేసరికి ఇద్దరి మధ్య 90 డిగ్రీలుంటాయి. దశమి ముగిసేసరికి 120, పున్నమి ముగిసేసరికి 180. పాశ్చాత్య జ్యోతిషులు ఈ కొలతను సూర్యచంద్రులతో ఆపరు. జాతకంలో ఏ రెండు గ్రహాలను తీసుకున్నా వాటి మధ్య ఎన్ని డిగ్రీలున్నాయో చూస్తారు. 120 ఉంటే ట్రైన్, అంటే త్రికోణ దృష్టి. 90 ఉంటే స్క్వేర్, అది కేంద్ర దృష్టి. 180 ఉంటే అపోజిషన్, మనం సమసప్తకం అనేది అదే.

ఇక్కడొక తేడా ముందే తెలియాలి. మన పరాశర పద్ధతిలో దృష్టి గ్రహానికి చెందినది. గురువు 5, 7, 9 స్థానాలను చూస్తాడు, కుజుడు 4, 7, 8 స్థానాలను, శని 3, 7, 10 స్థానాలను. గురువు చూశాడంటే నిశ్చింత, శని చూశాడంటే బెంగ. పాశ్చాత్య పద్ధతిలో దృష్టి స్వభావాన్ని ముందుగా కోణమే నిర్ణయిస్తుంది. రెండు గ్రహాలూ ఒకదాన్నొకటి చూసుకుంటాయి. శని అయినా సరే, త్రికోణంలో ఉంటే సహకరిస్తాడు. గురువైనా సరే, కేంద్రంలో ఉంటే ఇబ్బంది పెట్టగలడు. ఈ ఆలోచన మనకు పూర్తిగా పరాయిదేమీ కాదు. వర్షఫలం చెప్పేవాళ్లు వాడే తాజిక పద్ధతి పారసీక, అరబ్బు జ్యోతిషం నుంచి మనకు చేరింది. 1587లో నీలకంఠుడు రాసిన తాజిక నీలకంఠి దాని ప్రసిద్ధ గ్రంథం. అందులోనూ 5, 9 స్థానాల దృష్టి ప్రత్యక్ష స్నేహం, 4, 10 గుప్త వైరం, 7 ప్రత్యక్ష వైరం.

స్నేహం, వైరం ఎందుకన్నదానికి పాత గ్రంథాలు చెప్పే కారణం రాశుల్లోనే ఉంది. రెండో శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో టాలెమీ రాసిన టెట్రాబిబ్లోస్‌లో ఈ వివరణ కనిపిస్తుంది. 120 డిగ్రీలు అంటే నాలుగు రాశుల దూరం. మేషం నుంచి నాలుగు రాశులు దాటితే సింహం, మరో నాలుగు దాటితే ధనుస్సు. మూడూ అగ్నితత్వ రాశులే. తత్వం ఒకటే కాబట్టి అక్కడున్న గ్రహాలు ఒకదాని పని మరొకటి ఇట్టే అర్థం చేసుకుంటాయి. 90 డిగ్రీల దూరంలో తత్వాలు మారిపోతాయి. వృషభం భూతత్వం, సింహం అగ్ని, కుంభం వాయువు, వృశ్చికం జలం. కానీ నాలుగూ స్థిర రాశులు. తన దారి వదలకూడదన్న పట్టు అన్నిటికీ సమానమే, దారులు మాత్రం వేరు. అందుకే అక్కడ ఘర్షణ. 180 డిగ్రీల దగ్గర రెండు రాశులూ ఎదురెదురుగా నిలుస్తాయి. రెండింటిలో ఏదో ఒకటి వదులుకోవాల్సినట్టు మనిషికి అనిపిస్తుంది. కేంద్ర దృష్టి లోపల రాపిడిగా ఉంటుందనీ, సమసప్తకం ఎక్కువగా ఎదుటి మనుషుల రూపంలో ఎదురవుతుందనీ జ్యోతిషులంటారు.

ఇదంతా ఒకే జాతకంలో చూడాలంటే బ్రిటన్ యువరాణి డయానా జాతకం చక్కగా పనికొస్తుంది. ఆమె 1961 జూలై 1న ఇంగ్లండులోని సాండ్రింగ్‌హామ్‌లో పుట్టింది. జ్యోతిషులు ఎక్కువగా వాడే జనన సమయం సాయంత్రం 7 గంటల 45 నిమిషాలు. సాయన లెక్క ప్రకారం చంద్రుడు కుంభంలో 25 డిగ్రీల దగ్గర, యురేనస్ సింహంలో 23 డిగ్రీలు దాటి, శుక్రుడు వృషభంలో 24 డిగ్రీలు దాటి ఉన్నారు. చంద్రుడికీ యురేనస్‌కూ మధ్య సరిగ్గా 180 కావాల్సిన చోట తేడా రెండు డిగ్రీల లోపే. ఆ ఇద్దరికీ నడుమ శుక్రుడు నిలబడి అటూ ఇటూ 90 డిగ్రీల దృష్టి పడుతున్నాడు. చంద్రుడితో తేడా డిగ్రీ కూడా లేదు, యురేనస్‌తో డిగ్రీకి కాస్త ఎక్కువ. ఒక సమసప్తకాన్ని మూడో గ్రహం రెండు వైపులా కేంద్ర దృష్టితో తాకితే ఏర్పడే ఈ కూర్పును టీ స్క్వేర్ అంటారు. ఇంత బిగుతుగా పడటం అరుదు.

నిరయనానికి మార్చితే ఇదంతా తారుమారవుతుందని కొందరు అనుకుంటారు. కాదు. అయనాంశ 23 డిగ్రీల చిల్లర అన్ని గ్రహాలకూ ఒకేలా తీసివేస్తాం కాబట్టి వాటి మధ్య దూరం మారదు. రాశి మారితే మారవచ్చు, దృష్టి మాత్రం అలాగే ఉంటుంది.

ఇప్పుడు ఆ మూడు గ్రహాలు ఏం కోరుకుంటాయో చూడండి. చంద్రుడికి కావాల్సింది మనసుకు భద్రత, తల్లి ఒడి లాంటి నిలకడ. యురేనస్ పని తెంచడం, ఊహించని మార్పు, స్వేచ్ఛ. ఇద్దరూ ఎదురెదురుగా ఉంటే భద్రత కోరిన చోటే తెగిపోతుందేమోనన్న భయం వెంటాడుతుందని శాస్త్రం. డయానా తల్లిదండ్రులు 1967లో విడిపోయారు, అప్పటికి ఆమెకు ఆరేళ్లు. 1969లో విడాకులయ్యాయి. ఇక శుక్రుడు ప్రేమకూ దాంపత్యానికీ కారకుడు. ఆ ఎదురుబొదురు ఒత్తిడంతా వచ్చి పడింది ఆయన మీదే. 1981 జూలై 29న ప్రపంచమంతా టీవీల్లో చూసిన పెళ్లి, 1992 డిసెంబరులో విడిపోతున్నట్టు ప్రకటన, 1996 ఆగస్టు 28న విడాకులు. ప్రేమించినవాళ్లు దగ్గర కావాలి, కానీ ఉక్కిరిబిక్కిరి చేయకూడదు అనే రెండు కోరికలు ఒకే మనిషిలో ఉంటే ఎలా ఉంటుందో ఈ కూర్పు చెబుతుందని జ్యోతిషులు చదువుతారు.

శుక్రుడు వృషభంలో ఉన్నాడన్నది మరిచిపోకూడదు. అది ఆయన స్వక్షేత్రం. ఒత్తిడి పడ్డ గ్రహం బలహీనుడు కాడు. నా మటుకు ఈ జాతకంలో అన్నిటికంటే ఆలోచింపజేసేది ఇదే. కేంద్ర దృష్టి గ్రహాన్ని చంపదు, దాన్ని ఊరికే కూర్చోనివ్వదు. ఆమె ఆకర్షణ, అలంకరణ, మనుషులను దగ్గరకు తీసుకునే తీరు ప్రపంచం మరిచిపోనంత బలంగా పనిచేశాయి. ఇంటి లోపల మాత్రం అదే శుక్రుడు నిలకడ ఇవ్వలేకపోయాడు.

ఇక త్రికోణం. సూర్యుడు కర్కాటకంలో, నెప్ట్యూన్ వృశ్చికంలో. ఇద్దరి మధ్య 119 డిగ్రీలు, రెండూ జలతత్వ రాశులు. నెప్ట్యూన్ అంటే కరుణ, హద్దులు చెరిగిపోవడం, ఆదర్శం, కొంత భ్రమ కూడా. 1987 ఏప్రిల్‌లో లండన్‌లోని మిడిల్‌సెక్స్ ఆసుపత్రిలో చేతి తొడుగులు లేకుండా ఎయిడ్స్ రోగి చెయ్యి పట్టుకుంది డయానా. తాకితే జబ్బు అంటుకుంటుందని జనం హడలిపోతున్న రోజులవి. 1997 జనవరిలో అంగోలాలో మందుపాతరల నేలలో రక్షణ కవచం తొడుక్కుని నడిచింది. ఇలాంటి స్పందన ఆమెకు శిక్షణతో వచ్చింది కాదని త్రికోణం చదివేవాళ్లంటారు. అయితే త్రికోణానికీ ఒక లోటు ఉంది. శ్రమ లేకుండా వచ్చేదాన్ని మనిషి అదుపులో పెట్టుకోవడం నేర్చుకోడు. హద్దులు గీసుకోవడం తెలియని కరుణ ఆమెను అలసిపోయేలా కూడా చేసి ఉంటుంది. త్రికోణం ఉంటే అదృష్టం, కేంద్రం ఉంటే దోషం అని ఒక్క ముక్కలో తేల్చేసే పుస్తకాలను అందుకే నమ్మవద్దంటాను.

ఈ జాతకంలోనే మరో త్రికోణం మనల్ని ఇరుకున పెడుతుంది. శుక్రుడికి మకరంలోని శనితో దాదాపు 117 డిగ్రీలు. భూతత్వ త్రికోణం. పుస్తకం ప్రకారం నిలకడైన, వయసులో పెద్దవాడైన భర్తతో గట్టి బంధం. చార్లెస్ ఆమె కంటే పన్నెండేళ్లకు పైగా పెద్దవాడన్న మాట సరిపోయింది, గట్టి బంధం సరిపోలేదు. జ్యోతిషులు దీనికి చెప్పే సమాధానం ఆర్బ్, అంటే ఖచ్చితమైన కోణానికి ఎంత తేడా వరకు లెక్కలోకి తీసుకోవచ్చన్న హద్దు. తాజికంలో దీన్ని దీప్తాంశలంటారు. శని త్రికోణం మూడు డిగ్రీలకు పైగా తప్పింది, శుక్రుడి మీద పడ్డ కేంద్ర దృష్టులు ఒక డిగ్రీ అటూ ఇటూ మాత్రమే. తేడా తక్కువైన దృష్టికే ఎక్కువ పట్టు అని వారి నియమం.

ఈ వివరణ సబబుగానే ఉన్నా, జీవితం ముగిశాక జాతకం చూస్తే ఏదైనా సరిపోతుందన్న ప్రమాదం ఇక్కడే ఉంది. శుక్ర యురేనస్‌ల కేంద్ర దృష్టి ఆ వారమంతా ఉంది, చంద్రుడు ఆ కూర్పులో చాలా గంటలు గడిపాడు. ఆ సమయంలో పుట్టిన ప్రతి పాపకూ ఇదే టీ స్క్వేర్ ఉంటుంది, వాళ్లందరి జీవితాలూ ఇలా సాగలేదు. 1985లో షాన్ కార్ల్‌సన్ నేచర్ పత్రికలో అచ్చువేసిన పరీక్షలో మూడు వ్యక్తిత్వ వివరాల్లో ఫలానా జాతకానికి చెందినదేదో చెప్పమంటే జ్యోతిషులు మూడింట ఒకసారే సరిగా చెప్పగలిగారు. కళ్లు మూసుకుని ఎంచుకున్నా అంతే వస్తుంది. కాబట్టి దృష్టులను జరగబోయేది చెప్పే పత్రంగా తీసుకోకూడదు. మనలో ఏ రెండు కోరికలు పోట్లాడుకుంటున్నాయో ఆలోచించుకోవడానికి ఒక భాషగా చదివితే అర్థముంది.

చదవదలచుకున్నవాళ్లు సాధారణంగా చేసే పొరపాటు రాశులను లెక్కపెట్టి ఊరుకోవడం. మేషంలో 29వ డిగ్రీ దగ్గర ఒక గ్రహం, సింహంలో ఒకటో డిగ్రీ దగ్గర మరొకటి ఉంటే రాశుల లెక్కన త్రికోణంలా కనిపిస్తాయి. నిజంగా కొలిస్తే మధ్య దూరం 92 డిగ్రీలు, అంటే కేంద్ర దృష్టి. రాశి ఒక మాట చెబితే డిగ్రీ ఇంకో మాట చెబుతుంది. ఇలాంటి చోట డిగ్రీనే నమ్మాలని ఆధునిక పాశ్చాత్య జ్యోతిషులు చాలామంది అంటారు.

రెండో సంగతి జనన సమయం. డయానా పుట్టింది మధ్యాహ్నం 2 గంటలకని మరో సమయం కూడా వాడుకలో ఉంది. అది తీసుకుంటే లగ్నం ధనుస్సు నుంచి తులకు మారిపోతుంది, భావాలన్నీ జరుగుతాయి. కానీ చంద్రుడు మూడు డిగ్రీలు చిల్లర వెనక్కి వెళ్లినా టీ స్క్వేర్ చెదరదు. చంద్రుడు గంటకు అర డిగ్రీ నడుస్తాడు, మిగతావి చాలా నెమ్మది. మీ ఇంట్లో పెద్దవాళ్లకు పుట్టిన గంట సరిగా తెలియకపోతే లగ్నం జోలికి పోకండి. పుట్టిన తేదీతో గ్రహాల డిగ్రీలు తీసి, చంద్రుణ్ని పక్కన పెట్టి, మూడు డిగ్రీల లోపు తేడా ఉన్న దృష్టులను మాత్రం చదవండి.