అడ్వాన్సులో కోతలు: ఒక ఉత్తరము, దాని లెక్క

పల్లెల్లో ఉన్న మన కుటుంబాలలో చాలామంది పిల్లలు ఉద్యోగాల నిమిత్తం పట్నంలో అద్దె ఇళ్లలో ఉంటున్నారు. ఇంట్లో చేరేటప్పుడు అడ్వాన్సు కట్టడానికి ఇక్కడి తలిదండ్రులు ధాన్యం అమ్మిన డబ్బో, చిట్టీ డబ్బో పంపుతారు. ఇల్లు ఖాళీ చేసిన రోజున మాత్రం "రంగులకు పోయింది, క్లీనింగుకు పోయింది" అనే మాటతో అందులో సగానికి పైగా తిరిగి రాదు. అటువంటి ఒక సంగతి మాకు దగ్గరగా తెలిసింది. ఆ కుటుంబం అనుమతితో, పేర్లు లేకుండా, లెక్కతో సహా ఇక్కడ వ్రాస్తున్నాము.

భార్యాభర్తలు, నాలుగేళ్ల బాబు. హైదరాబాదులో రెండు పడకగదుల ఫ్లాటులో రెండు సంవత్సరాల ఎనిమిది నెలలు ఉన్నారు. అద్దె 14,000 రూపాయలు, అడ్వాన్సు రెండు నెలల అద్దె, అంటే 28,000. నెల ముందుగా చెప్పి, 2024 మే 31న తాళాలు అప్పగించారు. మూడు వారాల తరువాత యజమాని ఫోను చేసి, "ఖర్చులు పోను 6,000 మిగిలింది, పంపిస్తాను" అన్నారు.

ఆ అబ్బాయి ఫోనులో వాదన పెట్టుకోలేదు. "అంకుల్, దేనికి ఎంతయిందో కాగితం మీద వ్రాసి పంపండి, చూసుకొని చెబుతాము" అని మాత్రం అడిగాడు. మా దృష్టిలో మొత్తం వ్యవహారంలో ముఖ్యమైన మెట్టు ఇదే. 22,000 పోయింది అంటే ఎవరూ ఏమీ చెప్పలేరు. అది ఐదు ముక్కలుగా కాగితం మీదికి వచ్చినప్పుడు ఏ ముక్క న్యాయమో, ఏది కాదో తెలుస్తుంది.

పట్టీ వచ్చింది. ఇల్లంతా రంగులకు 15,000. క్లీనింగుకు 2,900. గీజరు మరమ్మతుకు 1,800. కిటికీ అద్దానికి 900. కరెంటు బిల్లు 1,400.

అప్పుడు వారు అద్దె ఒప్పందం తీసి చదివారు. సహజంగా మాసిపోయినవి, అరిగిపోయినవి తప్ప, ఇంటికి కలిగిన నష్టాన్ని అడ్వాన్సులో పట్టుకోవచ్చునని అందులో ఉన్నది. రంగుల ప్రసక్తి వేరుగా లేదు. పాఠకులు ఇది గమనించాలి. "ఖాళీ చేసేటప్పుడు ఒక నెల అద్దె రంగులకు" అని చాలా ఒప్పందాలలో వ్రాసి ఉంటుంది. అలా వ్రాసినదాని మీద సంతకం చేసి ఉంటే తరువాత కాదనడం కష్టం. అప్పుడు కూడా వ్రాసినంత వరకే పట్టుకోవాలి గాని అంతకు మించి కాదు.

ఒప్పందం మౌనంగా ఉన్నచోట ఒక కొలత ఉన్నది. కేంద్ర ప్రభుత్వం 2021లో మాదిరి అద్దె చట్టం ఒకటి ఆమోదించింది. నివాసపు ఇళ్లకు అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించరాదని, ఇల్లు తిరిగి స్వాధీనం చేసుకునే సమయంలోనే, రావలసినవి మినహాయించుకొని, మిగతాది ఇచ్చివేయాలని అందులో ఉన్నది. ఏ మరమ్మతు ఎవరిదో చివర ఒక పట్టిక కూడా ఉన్నది. గోడలకు సున్నం, తలుపులకు కిటికీలకు రంగు, నీటి పైపులు మార్చడం, కరెంటు వైరింగు యజమాని వంతు. కుళాయిలు, వాష్ బేసిన్, గీజరు, స్విచ్చులు, తాళాలు, పగిలిన కిటికీ అద్దాలు అద్దెకున్నవారి వంతు. అయితే ఇది మాదిరి చట్టం మాత్రమే. రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే అది కోర్టులో చెల్లుతుంది. కాబట్టి దీనిని బెదిరింపుగా చూపరాదు, ఏది సబబో తేల్చుకునే కొలబద్దగా వాడుకోవచ్చు.

దంపతులు కూర్చొని ఒక్కొక్కటీ చూసుకున్నారు. అద్దం బాబు బంతితో పగిలింది, అది తమదే. గీజరులో బోరు నీటి ఉప్పు పేరుకొని కాయిల్ కాలిపోయింది. అది తమ తప్పు కాదని మొదట అనుకున్నారు గాని, వాడుకున్నది తామే, పట్టికలో కూడా అది తమ వంతే, కనుక ఒప్పుకున్నారు. రంగుల విషయంలో, మూడేళ్లకు దగ్గరగా కాపురమున్న ఇంటి గోడలు మాసిపోవడం సహజం. కాని బాబు గదిలో ఒక గోడ నిండా రంగు పెన్సిళ్ల గీతలున్నాయి, మేకుల రంధ్రాలున్నాయి. ఆ గోడకు లప్పం, రంగు, కూలి కలిపి 2,000 అవుతుందని తెలిసిన పెయింటరు చెప్పాడు.

కరెంటు బిల్లులో వారికి పనికి వచ్చినది ఒక ఫోటో. తాళాలిచ్చిన రోజున మీటరు అంకెలను ఫోనులో ఫోటో తీసుకున్నారు. జూన్ మధ్యలో వచ్చిన బిల్లు 240 యూనిట్లకు. ఫోటో ప్రకారం అందులో 60 యూనిట్లు వారు వెళ్లిన తరువాత కాలినవి. మిగిలిన మూడు వంతులకు 1,050 రూపాయలు తమవిగా లెక్క కట్టారు. (స్లాబుల ప్రకారం చూస్తే ఇంకా తగ్గేది. అంత దూరం పోలేదు.)

వారు వ్రాసిన ఉత్తరం ఇది:

"గౌరవనీయులైన యజమాని గారికి, నమస్కారములు. మీ ఫ్లాటును 31-5-2024న ఖాళీ చేసి తాళాలు అప్పగించాము. మీ వద్ద మా అడ్వాన్సు 28,000 రూపాయలు ఉన్నది. మీరు పంపిన పట్టీలో గీజరు 1,800, కిటికీ అద్దం 900 మేము ఒప్పుకుంటున్నాము. బిల్లులు దయచేసి పంపండి. కరెంటుకు మేము ఉన్న రోజుల వరకు 1,050 ఒప్పుకుంటున్నాము, మీటరు ఫోటో జతచేశాము. రంగులలో బాబు గది గోడకు 2,000 ఇస్తాము. మిగతా గోడలు సహజంగా మాసినవి, అవి ఒప్పందం ప్రకారం మా మీద పడవు. ఇల్లు ఊడ్చి, కడిగి ఇచ్చాము, ఫోటోలున్నాయి, కనుక క్లీనింగు ఒప్పుకోలేము. మొత్తం 5,750 పోను 22,250 రూపాయలు 15 రోజులలో ఈ క్రింది బ్యాంకు ఖాతాకు పంపవలసిందిగా కోరుతున్నాము. ఏదైనా తేడా ఉంటే వ్రాయండి, కూర్చొని మాట్లాడుకుందాము."

ఈ ఉత్తరంలో కోపపు మాట ఒక్కటీ లేదు. తమ మీద పడేవాటిని ముందుగా ఒప్పుకోవడం వల్ల మిగిలినవి కాదన్నప్పుడు ఆ మాటకు బలం వచ్చింది. అంకె, గడువు, ఖాతా మూడూ ఉన్నాయి. దానిని వాట్సాప్‌లో పంపి, అదే కాగితాన్ని రసీదు కార్డుతో రిజిస్టర్డ్ పోస్టులో కూడా పంపారు. రిజిస్టర్డ్ పోస్టు 2025లో స్పీడ్ పోస్టులో కలిసిపోయింది. ఇప్పుడు పంపేవారు స్పీడ్ పోస్టులో పంపి, అందినట్లు రుజువు అడిగి తీసుకోవాలి.

గడువు దాటినా జవాబు రాకపోతే ఏమి చేయాలో కూడా వారు అడిగి తెలుసుకొని ఉంచుకున్నారు. ఇంత చిన్న మొత్తానికి నేరుగా దావా వేస్తే వకీలు ఫీజుకే చాలదు. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో, కేసు వేయకముందే, లోక్ అదాలత్‌కు అర్జీ ఇవ్వవచ్చు. కోర్టు ఫీజు ఉండదు. ఇరుపక్షాలూ ఒప్పుకొని సంతకం చేస్తే ఆ తీర్పు సివిల్ కోర్టు డిక్రీతో సమానం. అయితే అవతలివారు రాకపోయినా, ఒప్పుకోకపోయినా అక్కడ బలవంతం లేదు. అప్పుడు దావాయే దారి. డబ్బు వసూలు దావాకు సాధారణంగా మూడేళ్ల గడువు ఉంటుంది కనుక కాగితాలు అంతవరకు దాచుకోవాలి.

వీరికి అంతవరకు రాలేదు. పన్నెండవ రోజున యజమాని ఫోను చేశారు. గీజరు బిల్లు, అద్దం బిల్లు పంపారు. క్లీనింగు బిల్లు ఆయన వద్ద లేదు, పనిమనిషికి చేతికిచ్చానన్నారు. వంటగది చిమ్నీ జిడ్డు సంగతి ఆయన ఎత్తితే, అది నిజమేనని ఆ అమ్మాయి ఒప్పుకున్నది. దానికీ, గదుల్లో మరికొన్ని మేకుల రంధ్రాలకూ కలిపి 1,750 తగ్గించుకోవడానికి ఇద్దరూ సమ్మతించారు. 20,500 రూపాయలు రెండు విడతలుగా ఖాతాలో పడ్డాయి. రెండవ విడత అందిన రోజున "అడ్వాన్సు పూర్తిగా ముట్టినది, ఇక బాకీ లేదు" అని వారు రసీదు వ్రాసి యజమానికి పంపారు.