ముఖం మధ్యలో ఉంటే, కాళ్లు ఎక్కడికి పోయాయి?

పండక్కి ఇంట్లో తీసుకున్న ఫొటోలు ఒకసారి వరసగా తిరగేయండి. చాలావాటిలో మనిషి ముఖం సరిగ్గా ఫొటో నడిమధ్యన ఉంటుంది. తల పైన సగం గోడ, ఫ్యాను, నిరుటి క్యాలెండరు. కింద చూస్తే కాళ్లు చీలమండల దగ్గర తెగిపోయి ఉంటాయి. తీసేవాళ్లు ముఖాన్నే చూస్తూ, దాన్ని తెర మధ్యలో పెట్టి నొక్కేస్తారు కాబట్టి ఇలా అవుతుంది. చూడాల్సింది ముఖం ఒక్కటే కాదు, నాలుగు అంచులు కూడా.

ఇందుకు ఫోన్‌లోనే ఒక సాయం ఉంది. ఐఫోన్‌లో Settings లోకి వెళ్లి Camera తెరిస్తే Grid కనిపిస్తుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో కెమెరా సెట్టింగుల్లోనే Grid lines వంటి పేరుతో ఉంటుంది. ఆన్ చేస్తే తెర మీద రెండు నిలువు గీతలు, రెండు అడ్డగీతలు వచ్చి తొమ్మిది గళ్లు ఏర్పడతాయి. అవి ఫొటోలో పడవు. ముఖ్యమైనదాన్ని ఆ గీతల మీదకో, అవి కలిసే చోటికో తేవడమే మూడో వంతు సూత్రం. ఇది కెమెరా పుట్టకముందు మాట. 1797లో జాన్ థామస్ స్మిత్ అనే ఇంగ్లిష్ చిత్రకారుడు ప్రకృతి దృశ్యాల గురించి రాస్తూ దీనికి పేరు పెట్టాడు.

నానమ్మ అరుగు మీద కూర్చుని మల్లెపూలు కడుతోందనుకుందాం. నిలబడి తీస్తే ఆమె నడినెత్తి, వెనక గచ్చు తప్ప ఏమీ రావు. కాబట్టి ముందు మీరూ కూర్చోండి, ఫోను ఆమె కళ్ల ఎత్తుకు రావాలి. నిలువుగా పట్టుకుని ఆమె కళ్లను పై అడ్డగీత మీదకు తెండి. తల మీది ఖాళీ దానంతటదే తగ్గుతుంది, దారం పట్టిన చేతులు కింది గళ్లలోకి వచ్చేస్తాయి. ఇక పక్కలు. ఆమె మీకు ఎడమవైపుగా తిరిగి కూర్చుంటే ఆమెను కుడి నిలువుగీత మీద ఉంచండి. చూపు సాగే వైపు కాస్త జాగా ఉండాలి. ఎడమ అంచుకు ఆనించేస్తే గోడను చూస్తున్నట్టు ఉంటుంది.

ఇప్పుడు అరుగు అంచు సంగతి. మీరు ఆమెకు ఎదురుగా ఉంటే ఆ అంచు ఫొటోకు అడ్డంగా ఓ పట్టీలా పడుంటుంది, ఎక్కడికీ తీసుకెళ్లదు. అరుగు చివరికి జరిగి, ఫోనును అరుగు కంటే కొంచెం ఎత్తులో పట్టుకుని చూడండి. అదే అంచు ఫొటో కింది మూల నుంచి బయల్దేరి ఏటవాలుగా నానమ్మ దాకా వెళుతుంది. చూసేవాళ్ల కన్ను దాన్ని పట్టుకుని ఆమె దగ్గరకు చేరుతుంది. దారి చూపే గీతలంటే ఇవే. అపార్ట్‌మెంట్ కారిడార్ రెయిలింగ్, మెట్ల పక్క చేతిపట్టీ, పొలం గట్టు, అన్నీ ఇలాగే పనికొస్తాయి.

అయితే గీత ఎక్కడ ఆగుతోందో చూసుకోవాలి. నానమ్మను దాటిపోయి వెనకున్న బైకు దగ్గర ఆగితే కన్నూ బైకు దగ్గరే ఆగుతుంది. తీసిన ఫొటోను ఒక్క క్షణం చూసి ఫోను దించేయండి. మొదట ఏది గుర్తొచ్చింది? బైకైతే ఒక అడుగు పక్కకు జరిగి మళ్లీ తీయండి. అరుగు స్తంభం ఆమె తలలోంచి మొలిచినట్టు కనిపించినా మందు అదే. చాలామంది జూమ్ మారుస్తారు గానీ కాళ్లు కదపరు!

జూమ్ అన్నాం కాబట్టి ఒక మాట. ఫోను మామూలు లెన్సు (1x) విశాలంగా చూస్తుంది. చెయ్యి చాపినంత దూరంలో ముఖం తీస్తే ముక్కు పెద్దదిగా, చెవులు చిన్నవిగా వస్తాయి. అయిదారు అడుగులు వెనక్కి జరిగి 2x పెడితే ముఖం ముఖంలా ఉంటుంది. పదిహేను మంది కుటుంబం పట్టడం లేదని 0.5x పెట్టారా, చివర్లలో నిలబడ్డ బాబాయి, పిన్ని అడ్డంగా సాగిపోతారు. వీలైతే వెనక్కి జరగండి, కుదరకపోతే వాళ్లను కొంచెం లోపలికి పిలవండి.

గుంపు ఫొటోల్లో పక్కకు జరిపే పని అసలు పెట్టుకోవద్దు. పీటల మీద వధూవరులు, ఇరువైపులా అరటిచెట్లు సమానంగా ఉంటే మధ్యలోనే పెట్టాలి. అక్కడ మూడో వంతు కోసం పట్టుబడితే మండపమే ఒరిగినట్టుంటుంది.

గ్యాలరీలో క్రాప్ చేసేటప్పుడూ చాలా ఫోన్లలో ఇవే గళ్లు కనిపిస్తాయి. తల మీది అనవసరపు గోడను పాత ఫొటోల్లోనూ ఇప్పుడే కోసేయొచ్చు. తెగిన కాళ్లను మాత్రం తిరిగి తేలేరు, అందుకే అనుమానంగా ఉన్నప్పుడు ఒక అడుగు వెనక్కే వేయండి.