ఇత్తడి కుళాయిని పట్టేసిన నట్టు

అమెరికాలో ఇంటి బయటి గోడకు ఉండే ఇత్తడి కుళాయికి తోట పైపును మరలతో బిగిస్తారు. మన ఊళ్ళలోలాగా నాజిల్ మీదికి పైపు తొడిగి క్లిప్పు వేసే పద్ధతి అక్కడ అంతగా లేదు. డాలస్ చుట్టుపక్కల పెరట్లో గోంగూరకూ ఆనపపాదుకూ నీళ్ళు పెట్టుకునే తెలుగు కుటుంబాలు వేసవిలో బిగించిన ఆ పైపును చలికాలానికి ముందు విప్పబోతే, ఒక్కోసారి నట్టు వెంట్రుకవాసి కూడా కదలదు.

అలాగని వదిలేయడానికి లేదు. చలి ప్రాంతాల్లో చాలా ఇళ్ళకు పెట్టే కుళాయిలో నీటిని ఆపే భాగం గోడ లోపల, వెచ్చటి చోట ఉంటుంది. కట్టేశాక మిగిలిన నీళ్ళు మూతి గుండా కారిపోవాలి. పైపు తగిలించే ఉంటే అవి లోపలే నిలిచి, గడ్డకట్టి, గొట్టాన్ని చీలుస్తాయి. ఆ చీలిక అప్పుడు తెలియదు. వసంతంలో కుళాయి తిప్పినప్పుడు నీళ్ళు గోడలోకి పోతాయి.

నట్టు పట్టేయడానికి అసలు కారణం లోహాల తేడా. చవక పైపులకు వచ్చే నట్టు చాలావరకు అల్యూమినియం. తడిలో ఇత్తడితో ఆనుకుని ఉంటే రెంటి మధ్యా చిన్న విద్యుత్ ప్రవాహం నడిచి, అల్యూమినియం తినుకుపోతుంది. అలా పుట్టిన తెల్లటి పొడి, కరిగిపోయిన లోహం కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. మరల సందుల్లో అది కూరుకుపోయి గట్టిపడుతుంది. కొన్ని నట్లకు బంగారు రంగు పూత ఉంటుంది కాబట్టి చూసి ఇత్తడే అనుకుంటాం. అయస్కాంతం ఈ రెండింటికీ అంటుకోదు గనుక దానితో తేలదు. చాకుమొనతో గీస్తే లోపల వెండి రంగు కనిపించిందంటే అల్యూమినియమే.

పని మొదలుపెట్టే ముందు ఒక సంగతి చూడాలి. కుళాయికీ పైపుకూ మధ్య బొంగరంలాంటి చిన్న ఇత్తడి ముక్క ఉంటే, అది వాడిన నీళ్ళు వెనక్కి రాకుండా ఆపే పరికరం. దాన్ని పక్కనుంచి ఒక స్క్రూతో బిగించి, ఎవరూ విప్పకుండా స్క్రూ తలను విరగ్గొడతారు. అది పట్టేసింది కాదు, పట్టి ఉంచింది. మనం తిప్పాల్సింది దాని కింద ఉన్న నట్టును మాత్రమే.

తిప్పే దిశలోనే చాలామంది పొరబడతారు. కుళాయి మూతి నేలవైపు ఉంటుంది. మూతికి ఎదురుగా, కిందనుంచి చూసినప్పుడే విప్పే దిశ ఎడమ. పైనుంచి వంగి చూసేవాళ్ళకు అదే గడియారం ముళ్ళు తిరిగే వైపుగా కనిపిస్తుంది. దీన్ని మరిచి బలంకొద్దీ తిప్పితే నట్టు ఇంకా బిగుస్తుంది.

నీళ్ళు కట్టేసి, పైపులో ఒత్తిడి వదిలేయండి. మరలు మొదలయ్యే చోట లోపలికి ఇంకే నూనె కొట్టి రాత్రంతా ఉంచండి. మర్నాడు నట్టు చుట్టూ సుత్తితో తేలిగ్గా తట్టండి. తట్టే వైపుకు ఎదురుగా మరో బరువైన ఇనుప ముక్క ఆనించి పట్టుకుంటే కుళాయి మీద దెబ్బ పడదు. వేడినీళ్ళు పోసినా కొంత మేలు. ఇత్తడి కంటే అల్యూమినియం కాస్త ఎక్కువ వ్యాకోచిస్తుంది. మంట మాత్రం వద్దు. నూనె అంటుకుంటుంది, గోడకున్న ప్లాస్టిక్ పలకలు కరుగుతాయి.

ఇక పానాలు రెండు కావాలి. ఒకటి కుళాయి ఒంటిని కదలకుండా పట్టడానికి, రెండోది నట్టు తిప్పడానికి. ఒక్క పానాతో లాగితే బలమంతా గోడలోని రాగి గొట్టం మీద పడి, అది మెలితిరుగుతుంది. నట్టుతోపాటు కుళాయి కూడా తిరుగుతున్నట్టు అనిపిస్తే వెంటనే ఆపేయండి. మొదట కొద్దిగా బిగించే వైపు కదిపి, తర్వాత విప్పే వైపు లాగితే లోపలి పొర పగిలే అవకాశం ఎక్కువ.

అప్పటికీ రాకపోతే నట్టును కోసేయడమే నయం. కొత్త నట్టు ఖరీదు కుళాయి మార్పించే ఖర్చులో ఏ మూలకూ రాదు. పైపును కోసి పక్కన పడేసి, రంపపు బ్లేడుతో నట్టు పక్కభాగాన్ని పైనుంచి కిందికి నిలువుగా, నెమ్మదిగా కోయండి. అల్యూమినియం తెల్లగా మెరుస్తూ తెగుతుంది. పసుపు రంగు రజను కనిపించగానే ఆగాలి, బ్లేడు ఇత్తడిని తాకిందన్నమాట. ఆ గాడిలో బల్లపరుపు స్క్రూడ్రైవర్ పెట్టి మెలితిప్పితే నట్టు చిట్లి, పట్టు వదిలేస్తుంది. ఇత్తడి మరమీద సన్నటి గాటు పడినా భయం లేదు. నీళ్ళు కారకుండా ఆపేది మర కాదు, నట్టు లోపల కుళాయి అంచుకు ఆనే రబ్బరు వాషరు.

మిగిలిన తెల్లపొడిని ఇత్తడి తీగల బ్రష్‌తో రుద్ది తుడిచి, కుళాయి కాసేపు వదిలి గోడ లోపలివైపు తడి ఉందేమో చూడండి. కొత్తగా పెట్టేది ఇత్తడి నట్టే అయితే ఈ తినుకుపోవడం ఉండదు. మరలకు కొంచెం సిలికాన్ గ్రీజు రాసి, కొత్త వాషరు వేసి, చేత్తో బిగిస్తే సరిపోతుంది. పానా అవసరమే ఉండదు.