ఇల్లు మారితే ఆటోపే ఆగదు

అద్దె నెలనెలా మారదు కాబట్టి నెట్ బ్యాంకింగ్‌లో స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ చాలు: ఓనరు ఖాతా, 12,000 రూపాయలు, 5వ తేదీ. ముగింపు తేదీ కూడా వేయండి. 11 నెలల అగ్రిమెంటైతే పదకొండో అద్దెతో ఆగిపోవాలి.

కరెంటు బిల్లుకు యూపీఐ ఆటోపేలో గరిష్ఠ పరిమితి ఉంటుంది. 1,500 పెట్టుకుంటే, మే నెలలో ఏసీ పుణ్యమా అని 2,300 బిల్లొచ్చినప్పుడు డబ్బు కట్ కాదు, బాకీ పడుతుంది. పరిమితి వేసవి బిల్లు చూసి పెట్టాలి.

అసలు చిక్కు ఇల్లు ఖాళీ చేసేటప్పుడే. కరెంటు సర్వీసు నంబరు ఇంటిది, మనది కాదు. ఆటోపే ఆపకపోతే కొత్తగా దిగినవాళ్ల బిల్లూ మన ఖాతాలోంచే పోతుంది. యాప్ డిలీట్ చేసినా ఆగదు. ఆటోపే విభాగంలోకి వెళ్లి మాండేట్ రద్దు చేసి, యూపీఐ పిన్ కొట్టాలి. కటింగ్‌కు ముందు మెసేజ్ వస్తుందిలే అని కూర్చోకుండా, చివరి బిల్లు కట్టి తాళాలిచ్చిన రోజే ఆ పని ముగించండి.